జంట పేజీల స్కాన్లను విడగొట్టి వరుసలో పెట్టడం: ఏ పుస్తకానికి ఏ పద్ధతి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం ఊళ్ళలో తెలుగు సంఘాల పాత సావనీర్లు, బడుల వార్షిక సంచికలు, ఇళ్ళలో మిగిలిన చిన్న పుస్తకాలు స్కాన్ చేయించేవారికి ఎదురయ్యే చిక్కు దాదాపు ఒక్కటే. జిరాక్స్ షాపతను పుస్తకం తెరిచి అద్దం మీద బోర్లించి, రెండు పేజీలు కలిపి ఒకే బొమ్మగా తీసి పీడీఎఫ్ ఇస్తాడు. కంప్యూటర్‌లో చదవడానికి అది చాలు. ఫోన్‌లో చదవాలన్నా, మళ్ళీ అచ్చు వేయాలన్నా, అక్షరాలను గుర్తించే సాఫ్ట్‌వేర్‌కు ఇవ్వాలన్నా ఒక్కో పేజీ విడిగా ఉండాలి. ఈ పని చేసే ఉచిత సాధనాలు చాలానే ఉన్నాయి. వాటిలో ఏది మంచిదని అడిగితే జవాబు చెప్పలేం. మీ స్కాన్ ఎలా వచ్చిందో చూసుకుంటే ఏది వాడాలో దానంతట అదే తేలుతుంది.

## ముందు చూసుకోవలసినవి

జంట ఎలాంటిది? అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే, చాలామంది అడగకుండా వదిలేసేదీ ఇదే. పుస్తకం తెరిచి పెట్టి స్కాన్ చేస్తే ఎడమ పక్క 12, కుడి పక్క 13 ఉంటాయి. దీన్ని చదువు జంట అందాం. సెంటర్ పిన్ కొట్టిన సావనీరు పిన్నులు తీసేసి, విడి కాగితాలుగా స్కాన్ చేస్తే ఎడమ పక్క 64, కుడి పక్క 1 వస్తాయి. ఇది అచ్చు జంట. మొదటిదాన్ని మధ్యకు కోస్తే వరుస దానంతట అదే కుదురుతుంది. రెండోదాన్ని కోసిన తరవాత పేజీలన్నీ మళ్ళీ పేర్చాలి.

మడత అన్ని పేజీల్లో ఒకే చోట ఉందా? A4 అద్దం మీద 300 డీపీఐలో తీసిన బొమ్మ 3508 పిక్సెళ్ళ వెడల్పు ఉంటుంది. మడత సరిగ్గా 1754 దగ్గర పడాలి. పేజీ తిప్పేటప్పుడు పుస్తకం 5 మిల్లీమీటర్లు జరిగితే మడత 59 పిక్సెళ్ళు పక్కకు పోతుంది. 12 పాయింట్ల అక్షరం ఎత్తు ఆ కొలతలో 50 పిక్సెళ్ళు. అంటే 5 మిల్లీమీటర్ల జరుగుడుకు ఒక అక్షరం అటు పేజీ నుంచి ఇటు పేజీకి వచ్చేస్తుంది. లోపలి మార్జిన్ 15 మిల్లీమీటర్లు ఉన్న పుస్తకమైతే ఏమీ కాదు. దళసరి పుస్తకంలో మార్జిన్ కుట్టులోకి పోయి 4, 5 మిల్లీమీటర్లే మిగిలితే వాక్యాల చివరలు తెగుతాయి.

చేతిలో ఉన్నది పీడీఎఫ్‌ఫా, బొమ్మలా? పీడీఎఫ్‌ను పీడీఎఫ్‌గానే కోసే సాధనాలు లోపలి బొమ్మను ముట్టుకోవు. పేజీ కనిపించే హద్దు మాత్రమే మారుస్తాయి. నాణ్యత ఇసుమంత కూడా తగ్గదు, పని నిమిషంలో అయిపోతుంది. వంకర తీయడం, మచ్చలు తుడవడం మాత్రం వాటి వల్ల కాదు. బొమ్మలుగా తీసి కోస్తే అవన్నీ చేయవచ్చు, కానీ ప్రతి అడుగులో ఏదో ఒకటి పోగొట్టుకునే వీలుంది.

పుస్తకం సైజు కూడా ఒకసారి చూడండి. క్రౌన్ సైజు తెరిచి పెడితే A4 అద్దం మీద హాయిగా పడుతుంది. డెమ్మీ సైజు బొటాబొటీగా సరిపోతుంది. వారపత్రిక సైజు పట్టదు. అలాంటిదాన్ని జంటగా తీయమని అడగవద్దు, ఒక్కో పేజీ తీయించండి. కోసే పనే ఉండదు.

## నాలుగు దారులు పక్కపక్కన

| | మ్యూటూల్ | బ్రిస్ | స్కాన్‌టైలర్ అడ్వాన్స్‌డ్ | ఇమేజ్‌మ్యాజిక్ |
|---|---|---|---|---|
| ఏది తీసుకుంటుంది | పీడీఎఫ్ | పీడీఎఫ్ | బొమ్మలు మాత్రమే | బొమ్మలు |
| ఎక్కడ కోస్తుంది | సరిగ్గా మధ్యన | మీరు గీసిన చోట, అన్నిటికీ ఒకటే | ఒక్కో పేజీకి వేరువేరు చోట | మధ్యన, లేదా మీరు చెప్పిన పిక్సెల్ దగ్గర |
| వంకర సరిచేస్తుందా | లేదు | లేదు | చేస్తుంది | విడిగా చెప్పాలి |
| 100 జంటలకు పట్టే సమయం | క్షణాలు | పది నిమిషాలు | ఒక పూట | క్షణాలు |
| ఎవరికి | కమాండ్ టైపు చేయగలవారికి | మౌస్ తప్ప వద్దనేవారికి | ఒకే ప్రతి ఉన్న పాత పుస్తకానికి | బొమ్మలే ఉన్నవారికి |

ఫోన్ యాప్‌లలో పుస్తకం మోడ్ ఉంటుంది, అదే కోసి ఇస్తుంది. ఇరవై పేజీల లోపు, పోతే మళ్ళీ తీసుకోగల పుస్తకానికి సరే. నూట యాభై పేజీల పుస్తకంలో అది నలభైవ జంటను కోయకుండా వదిలేసినా, అరపేజీ మింగినా వెంటనే తెలియదు. ఆ పుస్తకం మళ్ళీ చేతికి రాదనుకుంటే ఆ దారిన పోవద్దు.

## మ్యూటూల్: మడత కదలని స్కాన్‌కు

ఉబుంటులో `mupdf-tools` అనే ప్యాకేజీలో వస్తుంది, విండోస్‌కు కూడా దొరుకుతుంది. కమాండ్ ఇంతే:

```
mutool poster -x 2 scan.pdf split.pdf
```

ప్రతి పేజీని నిలువుగా రెండు ముక్కలు చేసి, ఎడమది ముందు, కుడిది తరవాత పెడుతుంది. కోత అడ్డంగా పడి పై సగం, కింది సగం వచ్చాయంటే స్కానర్ పేజీని పడుకోబెట్టి, తిప్పి చూపమని గుర్తు మాత్రమే పెట్టిందన్నమాట. అప్పుడు `-x 2` బదులు `-y 2` ఇచ్చి, ముక్కలు సరైన వరుసలో వచ్చాయో లేదో మొదటి నాలుగు పేజీల్లో చూసుకోండి.

దీనితో ఇబ్బంది అట్టల దగ్గర వస్తుంది. ముఖచిత్రాన్ని విడిగా ఒకే పేజీగా తీసి ఉంటే దాన్ని కూడా మధ్యకు నరికేస్తుంది. అందుకే కోయకముందే మొదటి, చివరి పేజీలు తప్పించాలి. పీడీఎఫ్ పేజీలను ఏరి పేర్చే క్యూపీడీఎఫ్ అనే సాధనంతో ఇది చేయవచ్చు. అందులో `r2` అంటే చివరి నుంచి రెండోది:

```
qpdf scan.pdf --pages . 2-r2 -- inside.pdf
```

ఇంకొకటి తెలిసి ఉండాలి. ఇలా కోసిన ప్రతి సగంలోనూ పూర్తి జంట దాగి ఉంటుంది, కనిపించదంతే. చదవడానికి, అచ్చు వేయడానికి తేడా లేదు. తరవాత ఎవరైనా ఆ పీడీఎఫ్ లోంచి బొమ్మలు బయటికి తీస్తే మళ్ళీ జంటలే వస్తాయి. కాబట్టి కోసిన పీడీఎఫ్ తీసుకెళ్ళి స్కాన్‌టైలర్‌కు ఇద్దామనుకోవడం దండగ. ఆ పని చేయాలంటే అసలు స్కాన్ నుంచే మొదలుపెట్టాలి.

## బ్రిస్: మడత మధ్యలో లేదు గానీ కదలలేదు

షాపతను పుస్తకాన్ని అద్దం మూలకు ఆనించి తీస్తే మడత మధ్యన ఉండదు, కానీ అన్ని పేజీల్లో ఒకే చోట ఉంటుంది. అలాంటి వాటికి బ్రిస్ చక్కగా పనికొస్తుంది. జావా ఉంటే నడుస్తుంది. ఒకే కొలత ఉన్న పేజీలను, బేసివి ఒక దొంతర, సరివి ఒక దొంతరగా, పల్చటి కాగితాల్లా ఒకదానిమీద ఒకటి వేసి చూపిస్తుంది. ప్రతి దొంతర మీద ఎడమ పేజీకి ఒక పెట్టె, తరవాత కుడి పేజీకి ఒక పెట్టె గీసి కోయమంటే చాలు. నల్ల అంచులు పెట్టెల బయట వదిలేస్తే అవి కూడా పోతాయి.

నేను దీన్ని కోతకు కాకపోయినా పరీక్షకు వాడమంటాను. ఆ దొంతరల్లో మడత నీడ సన్నని గీతలా కనిపిస్తే పుస్తకం కదల్లేదని అర్థం, మ్యూటూల్ అయినా బ్రిస్ అయినా చాలు. నీడ వేలెడు వెడల్పున అలుక్కుపోయి కనిపిస్తే పుస్తకం జరుగుతూ వచ్చింది. అప్పుడు ఒకే కోత అన్నిటికీ సరిపోదు, స్కాన్‌టైలర్ తప్పదు. నూరు పేజీలు ఒక్కొక్కటిగా తిప్పి చూడకుండా ఈ సంగతి తెలుసుకునే సులువు ఇంకొకటి లేదు.

## స్కాన్‌టైలర్: ఒక్క ప్రతే మిగిలిన పుస్తకానికి

ఇది పీడీఎఫ్ తెరవదు. ముందు బొమ్మలు తీయాలి:

```
pdfimages -list scan.pdf
pdfimages -all scan.pdf p
```

మొదటి కమాండ్ ఎందుకంటే, కొన్ని స్కానర్లు ఒకే పేజీని వెనుక రంగు ఒక బొమ్మ, అక్షరాలు ఒక బొమ్మగా చీల్చి దాస్తాయి. జాబితాలో పేజీల కంటే బొమ్మలు ఎక్కువ కనిపిస్తే రెండో కమాండ్ వాడవద్దు. `pdftoppm -r 300 -png scan.pdf p` అంటే పేజీని కనిపించినట్టే బొమ్మ తీస్తుంది.

స్కాన్‌టైలర్‌లో ఎడమ పక్కన ఆరు మెట్లు ఉంటాయి. మనకు కావలసింది రెండోది, `Split Pages`. అది మడత నీడను బట్టి గీత తనే గీస్తుంది. తప్పు చోట పడితే మౌస్‌తో లాగి సరిచేయాలి. తప్పేది ఎక్కువగా రెండు చోట్ల. ఒకటి, పిన్నులు తీసి పరిచిన కాగితంలో మడత నీడే ఉండదు గనుక రెండు కాలమ్‌ల మధ్య ఖాళీని మడత అనుకుంటుంది. రెండు, రెండు పేజీల నిండా పరిచిన గ్రూపు ఫోటోనో పటమో ఉంటే దాన్ని కూడా చీలుస్తుంది. అలాంటి జంటకు మాత్రం ఒకే పేజీ అని చెప్పి వదిలేయండి. సంఘం సభ్యులంతా నిలబడ్డ ఫోటోలో నడిమి మనిషి ముఖం రెండు ముక్కలు కావడం కంటే ఒక పేజీ వెడల్పుగా ఉండటమే నయం.

వంకర దిద్దే మెట్టు, మార్జిన్ల మెట్టు చాలావరకు తమ పని తాము చేసుకుపోతాయి. ఆగి చూడాల్సింది చివరి మెట్టు, `Output`. అక్కడ `Black and White` ఎంచుకుంటే ఫైలు చాలా చిన్నదవుతుంది, కాగితం పసుపు పోతుంది. దానితో పాటే మచ్చలు తుడిచే `Despeckling` కూడా పనిచేస్తుంది. తెలుగుకు అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. ఠ లోపలి చుక్క పోతే ర మిగులుతుంది. థ లోపలి చుక్క పోతే ద అవుతుంది. సీసపు అక్షరాలతో అచ్చయిన పాత పుస్తకాల్లో ఆ చుక్క నిజంగానే దుమ్ము రేణువంత ఉంటుంది, సాఫ్ట్‌వేర్‌కు తేడా తెలియదు. మన ప్రాంతపు సావనీర్లలో ఒడియా పేజీలు కూడా ఉంటాయి. ఒడియాలో అక్షరం కింద పెట్టే చుక్క పోతే పలుకే మారిపోతుంది. ‘పాఠం’ అన్న మాట ఉన్న పేజీ ఒకటి ఎంచుకుని, నాలుగింతలు పెద్దది చేసి, ముందూ తరవాతా పోల్చి చూడండి. చుక్క సన్నబడినా సరే, మచ్చలు తుడిచే పని ఆపేసి నడపండి. ఫోటోలున్న పేజీలకు `Mixed` గానీ `Color / Grayscale` గానీ పెట్టాలి, లేకపోతే ముఖాలు నల్లటి మరకలవుతాయి.

బయటికి వచ్చే ఫైళ్ళకు చివర `_1L`, `_2R` అని పేర్లు పెడుతుంది, కాబట్టి చదువు జంటలకు వరుస దానంతట అదే వస్తుంది. వాటిని పీడీఎఫ్ చేయడానికి `img2pdf *.tif -o book.pdf` సరిపోతుంది. అది బొమ్మ నాణ్యతను తగ్గించదు.

## ఇమేజ్‌మ్యాజిక్: బొమ్మలే ఉంటే

```
magick scan-012.jpg -crop 2x1@ +repage p012_%d.png
```

మధ్యకు కోస్తుంది. బయటికి మళ్ళీ జేపెగ్‌గా రాయిస్తే ఇంకోసారి కుదింపు పడి అక్షరాల అంచులు మసకబారతాయి, అందుకే పీఎన్‌జీ. స్కాన్‌టైలర్ నేర్చుకునే ఓపిక ఉంటే ఇది అవసరం రాదు.

బొమ్మలతో పని చేసేవారికి వరుస చెడేది ఎక్కువగా ఫైళ్ళ పేర్ల దగ్గర. `1.jpg, 2.jpg, … 10.jpg` అని పేర్లుంటే విండోస్ కిటికీలో సరిగ్గానే కనిపిస్తాయి. కమాండ్‌కు మాత్రం 1 తరవాత 10, 11, ఆ తరవాత 2 వస్తాయి. `001, 002` అని మూడంకెల పేర్లు పెడితే ఈ చిక్కు లేదు. ఇక ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పేజీలు వాట్సాప్‌లో ఫోటోలుగా పంపితే పేర్లు మారిపోతాయి, బొమ్మ కూడా చిన్నదవుతుంది. డాక్యుమెంట్‌గా పంపితే రెండూ నిలుస్తాయి.

## అచ్చు జంటలు: 64 పేజీల సావనీరు లెక్క

ఏ సాధనంతో కోసినా, పిన్ను తీసిన సావనీరు అసలు కష్టం వరుస దగ్గరే. ఒక ఉదాహరణ పూర్తిగా చేసి చూద్దాం. 16 పేజీల ఫారాలు నాలుగు, అంటే 64 పేజీలు. పిన్నులు తీశాం, ఒక్కో కాగితం మీద అటు రెండు, ఇటు రెండు పేజీలు, మొత్తం 16 కాగితాలు. నడిమిన అంకెలు లేని ఆర్ట్ పేపర్ కాగితం ఒకటి, దాని మీద నాలుగు పేజీల ఫోటోలు. అట్ట వేరు. అంటే అట్ట కాక 17 కాగితాలు, 34 జంటలు, 68 పేజీలు.

పై కాగితం బయటి వైపు ఎడమన 64, కుడిన 1. పుస్తకం పేజీ తిప్పినట్టే కాగితాన్ని తిప్పితే ఎడమన 2, కుడిన 63. తరవాతి కాగితం 62, 3. తిప్పితే 4, 61. ప్రతి జంటలో రెండు అంకెలు కూడితే 65 రావాలి. ఎక్కడైనా రాకపోతే ఆ కాగితం వేరే చోటిది. కోసే ముందు చేయదగిన పరీక్షల్లో ఇంతకంటే సులువైనది లేదు.

కోసిన తరవాత పేజీలు 64, 1, 2, 63, 62, 3, 4, 61… అని ఉంటాయి. ఈ వరుసను గమనించండి: మొదటిది వదిలి రెండు తీసుకుంటే 1, 2. మళ్ళీ రెండు వదిలి రెండు తీసుకుంటే 3, 4. ఇలా చివరిదాకా పోతే పుస్తకం మొదటి సగం వస్తుంది. వదిలేసినవాటిని వెనక నుంచి ముందుకు చదివితే రెండో సగం. దీన్నే నాలుగు వరుసల పైథాన్‌లో రాస్తే:

```
n = 68
a = [2*p if p%2 else 2*p-1 for p in range(1, n//2+1)]
b = [x for x in range(n, 0, -1) if x not in a]
print(",".join(map(str, a+b)))
```

దీన్ని `order.py` అని దాచి:

```
mutool poster -x 2 sheets.pdf split.pdf
qpdf split.pdf --pages . $(python3 order.py) -- body.pdf
qpdf --show-npages body.pdf
```

విండోస్ కమాండ్ కిటికీలో `$( )` పనిచేయదు. పైథాన్ చూపించిన అంకెల వరుసను కాపీ చేసి అక్కడ అతికించాలి.

`n` దగ్గర పొరపాటు పడేవారు ఎక్కువ. చివరి పేజీ మీద 64 అని ఉంది కదా అని 64 ఇస్తే కమాండ్ కిమ్మనకుండా నడుస్తుంది. అంకెలున్న పేజీలన్నీ చక్కగా వరుసలో ఉంటాయి, ఎవరు చూసినా సరిగ్గానే ఉందంటారు. నడిమి నాలుగు ఫోటో పేజీలు మాత్రం మాయమవుతాయి. అందుకే `n` అంటే అచ్చయిన అంకె కాదు, కాగితాల లెక్కకు నాలుగు రెట్లు. మూడో కమాండ్ 68 చూపించాలి. తిరిగి 72 ఇచ్చి ఉంటే మాత్రం అన్ని పేజీలు లేవని క్యూపీడీఎఫ్ ఆగిపోతుంది, ఆ తప్పు వెంటనే బయటపడుతుంది.

చూడవలసిన చోట్లు మూడు. పీడీఎఫ్‌లో 32వ పేజీ మీద 32 ఉండాలి. 33 నుంచి 36 దాకా ఫోటోలు ఉండాలి. 37వ పేజీ మీద 33, చివరి పేజీ మీద 64 కనిపిస్తే పని సరిగ్గా అయినట్టే.

అట్టను కూడా ఇలాగే కోస్తే నాలుగు ముక్కలు వస్తాయి: వెనక అట్ట, ముఖచిత్రం, ముఖచిత్రం లోపలి వైపు, వెనక అట్ట లోపలి వైపు. వాటిని అటూ ఇటూ తొడగాలి:

```
qpdf --empty --pages cover.pdf 2,3 body.pdf 1-z cover.pdf 4,1 -- souvenir.pdf
```

సెంటర్ పిన్ పుస్తకంలో ఇంకో చిన్న సంగతి. కాగితాలు ఒకదానిలో ఒకటి ఇమిడి ఉండగా అంచు కోస్తారు గనుక, లోపలి కాగితాలు బయటివాటికంటే కొద్దిగా ఇరుగ్గా ఉంటాయి. అన్నిటినీ అద్దం ఒకే మూలకు ఆనిస్తే మడత పోనుపోను మూల వైపు జరుగుతుంది. స్కానర్‌లో కాగితం సైజు తనే పసిగట్టే ఏర్పాటు ఉంటే అది పెట్టించండి. అప్పుడు ప్రతి బొమ్మ సరిగ్గా కాగితమంతే వస్తుంది, మడత మళ్ళీ మధ్యకు వస్తుంది, మ్యూటూల్ చాలు.

గ్రంథాలయం పుస్తకమైతే, తుప్పు పట్టిన పిన్ను చుట్టూ కాగితం పెళుసుగా ఉంటే, పిన్నులు తీయకండి. తెరిచి తీసిన చదువు జంటలు, స్కాన్‌టైలర్, అంతే.

## స్కాన్ తిరగబడి వచ్చినప్పుడు

కాగితాల దొంతరను ఫీడర్‌లో అటుదిటు పెడితే ఫైలు చివరి నుంచి మొదలవుతుంది. దీన్ని కోయకముందే తిప్పాలి:

```
qpdf scan.pdf --pages . z-1 -- turned.pdf
```

కోసిన తరవాత తిప్పితే ఏమవుతుందో చూడండి. చదువు జంటలు వెనక నుంచి వస్తే కోసినప్పుడు 14, 15, 12, 13 అవుతాయి. వాటిని మొత్తంగా తిప్పితే 13, 12, 15, 14. జంటల వరుస కుదిరింది గానీ ప్రతి జంటలో కుడి ఎడమలు తారుమారయ్యాయి. ముందు జంటల వరుస, తరవాత కోత, ఆఖరున పేజీల వరుస. ఈ క్రమం తప్పకపోతే సగం తలనొప్పి ఉండదు.

ఒకవైపే తీసే ఫీడర్‌లో విడి పేజీలన్నీ వేసి, దొంతర తిప్పి రెండో వైపు వేస్తే, బేసి పేజీలు ఒక ఫైలు, సరి పేజీలు వెనక నుంచి ఒక ఫైలు వస్తాయి. వీటిని ఒకటి విడిచి ఒకటి కలపాలి:

```
qpdf --empty --collate --pages odd.pdf 1-z even.pdf z-1 -- all.pdf
```

## పేజీ తప్పిందో లేదో తెలుసుకోవడం

చదువు జంటల్లో వరుస చెడటం అరుదు. రెండు ఆకులు కలిసి తిరిగి ఒక జంట తప్పిపోవడం, లేదా అదే జంట రెండుసార్లు పడటం ఎక్కువ. దీనికి ప్రతి పేజీ చూడనక్కరలేదు. పీడీఎఫ్ పేజీ అంకె నుంచి అచ్చు అంకె తీసివేయండి. ముందుమాటలూ అట్టలూ ఉన్నాయి గనుక తేడా మొదట్లో 6 వచ్చిందనుకుందాం. చివరి దగ్గర కూడా 6 వస్తే జంటలు అన్నీ ఉన్నట్టే. 4 వస్తే ఒక జంట తప్పింది, 8 వస్తే ఒకటి రెండుసార్లు పడింది. నడిమి పేజీ చూడండి. అక్కడ ఇంకా 6 ఉంటే తప్పు రెండో సగంలో ఉంది. ఇలా సగం సగం చేసుకుంటూ పోతే 200 పేజీల పుస్తకంలో కూడా ఏడెనిమిది చోట్ల చూసేసరికి దొరుకుతుంది. రెండు చివర్లా 6 ఉన్నా ఒక జంట తప్పి ఇంకొకటి రెండుసార్లు పడి ఉండవచ్చు, కాబట్టి నడుమ మూడు నాలుగు చోట్లయినా చూడటం మంచిది.

పుస్తకం షాపులోనో పక్కింట్లోనో ఉండగానే ఈ లెక్క చూసుకోండి. పర్లాకిమిడిలో తీసిన పుస్తకానికి తప్పిన జంట కోసం రాయగడ నుంచి మళ్ళీ రావడం కంటే, అక్కడే కౌంటర్ దగ్గర నిలబడి ఐదు నిమిషాలు చూసుకోవడం మేలు. పని అయ్యాక కూడా అసలు జంటల స్కాన్‌ను తుడిచేయకండి. ఠ లోపలి చుక్క పోయిందని ఏడాది తరవాత తెలిసినా, అది ఉంటే మళ్ళీ మొదలుపెట్టవచ్చు.